రెజ్యూమె జతచేసి పంపిన దరఖాస్తు మెయిళ్లకు జవాబు రావడం లేదు: లోపం సబ్జెక్టులో ఉందా, మెయిల్‌లో ఉందా?

సుజాత

అందరికీ నమస్కారం. నేను మూడేళ్లుగా ఒక టోకు వ్యాపార సంస్థలో అకౌంట్స్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. గత రెండు నెలల్లో 31 సంస్థలకు మెయిల్ ద్వారా దరఖాస్తులు పంపితే ఒక్క చోటు నుంచి మాత్రమే జవాబు వచ్చింది. అది కూడా ఖాళీ భర్తీ అయిపోయిందని చెప్పే జవాబు. నా రెజ్యూమెను మా మేనేజరు స్థాయి వ్యక్తి ఒకరు చూసి బాగుందనే అన్నారు కాబట్టి, అసలు దాన్ని ఎవరైనా తెరుస్తున్నారా అన్నదే నా సందేహం. నేను పంపే మెయిల్‌ను ఉన్నది ఉన్నట్టుగా కింద ఇస్తున్నాను.

> సబ్జెక్టు: ఉద్యోగం కొరకు దరఖాస్తు
>
> గౌరవనీయులైన అయ్యా/అమ్మా, తమరి దివ్యసముఖమునకు నేను వినయపూర్వకముగా వ్రాసుకొనునది ఏమనగా, తమ ప్రతిష్ఠాత్మక సంస్థలో ఉద్యోగము ఖాళీగా ఉన్నదని తెలిసి సంతోషించి, నా అర్హతలను తమరి పరిశీలనకు సమర్పించుకొనుచున్నాను. నేను కష్టపడి పనిచేసే స్వభావము, నిజాయితీ, బృందముతో కలిసి పనిచేయు గుణము కలిగియున్నాను. దయచేసి నాకు ఒక అవకాశము ఇప్పించగలరు.

దీనికి `Resume_final_new.pdf` అనే ఫైలును, సర్టిఫికెట్లు స్కాన్ చేసిన మరో మూడు ఫైళ్లను జతచేస్తాను. ఇందులో ఏది మార్చాలో దయచేసి చెప్పండి.

ప్రభాకర్

సుజాత గారూ, మీ సబ్జెక్టు మరీ చప్పగా ఉంది. రోజుకు వందల మెయిళ్లు చూసేవారి కన్ను ఆగాలంటే కుతూహలం కలగాలి. "మీ లెక్కల చిక్కులకు ఇక సెలవు" వంటిది ఒకటి రాసి చూడండి. మెయిల్ పొట్టిగా ఉండాలన్న మాట కూడా నిజమే, నాలుగైదు వాక్యాలు చాలు. సర్టిఫికెట్లన్నీ ముందే జతచేయడం మాత్రం మంచి అలవాటు, ఎందుకంటే వాళ్లు మళ్లీ అడగవలసిన పని ఉండదు. మెయిల్ తెరిచారో లేదో తెలియజేసే ట్రాకింగ్ సదుపాయాలు ఉన్నాయి. అవి వాడితే మీ అసలు సందేహం తీరిపోతుంది.

వేణు_నియామకాలు

నేను పదకొండేళ్లుగా ఒక మధ్యస్థాయి సంస్థలో దరఖాస్తులు చూస్తున్నాను కాబట్టి, ఆ మెయిల్ మా బల్ల మీదికి వచ్చాక ఏమవుతుందో చెబుతాను. ప్రభాకర్ గారు మెయిల్ పొట్టిగా ఉండాలన్నది సరైన మాటే. కుతూహలం కలిగించే సబ్జెక్టు మాత్రం మా దగ్గర పనిచేయదు. అమ్మకాల ప్రకటనలన్నీ ఆ ధోరణిలోనే వస్తాయి కాబట్టి, మేము దాన్ని కూడా వాటిలో ఒకటిగా భావించి పక్కకు నెట్టేస్తాం.

మొదట గమనించవలసిన విషయం, మీ మెయిల్ చదివే తొలి వ్యక్తి సాధారణంగా నిర్ణయం తీసుకునే వ్యక్తి కాదు. మా సంస్థలో ఒకేసారి ఐదారు ఖాళీలకు ప్రకటనలు ఇస్తాం, దరఖాస్తులన్నీ ఒకే చిరునామాకు వస్తాయి. నా పని వాటిలో ఏది ఏ ఖాళీకి చెందినదో విడదీసి, తగినవాటిని ఆయా విభాగాల అధిపతులకు ఫార్వర్డ్ చేయడం. "ఉద్యోగం కొరకు దరఖాస్తు" అన్న సబ్జెక్టుతో వచ్చిన మెయిల్‌ను ఎవరికి పంపాలో తెలియాలంటే నేను దాన్ని తెరవాలి, మీ మెయిల్ అంతా చదవాలి, అయినా తెలియదు కాబట్టి రెజ్యూమె కూడా తెరవాలి. మీ మెయిల్‌లో అకౌంట్స్ అనే మాట ఎక్కడా లేదు, మరోసారి చూడండి. తీరిక ఉన్న రోజున ఆ పని చేస్తాను. ప్రకటన వెలువడిన మర్నాడు మాత్రం చేయలేను, ఎక్కువ దరఖాస్తులు వచ్చేది సరిగ్గా ఆ రోజే.

అందుచేత నేను, నా నుంచి అందుకునే విభాగాధిపతి, ఇద్దరం ఒక్క అక్షరం కూడా చేర్చకుండా వాడుకోగలిగే సబ్జెక్టు రాయండి. ఉద్యోగం పేరు ప్రకటనలో ఎలా ఉందో అలాగే మొదట రావాలి. ప్రకటనలో సంకేత సంఖ్య ఇస్తే అది వెంటనే రావాలి, తర్వాత మీ పేరు, ఆ తర్వాత అనుభవం. ఈ వరుసను మార్చకండి, ఎందుకంటే ఫోన్ తెరపై సబ్జెక్టులో సుమారు మొదటి 35, 40 అక్షరాలే కనిపిస్తాయి, మిగిలినది తెగిపోతుంది.

కిరణ్

వేణు గారూ, నాది ఇంకో సందేహం. సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫారం నింపి రెజ్యూమె అప్‌లోడ్ చేయమంటే సబ్జెక్టు ఎక్కడ రాయాలి? నేను ఇటీవలే చదువు ముగించాను, అనుభవం కూడా లేదు.

వేణు_నియామకాలు

కిరణ్ గారూ, ఫారం ఉన్న చోట సబ్జెక్టు ప్రసక్తి ఉండదు, అక్కడ ఫారమే దరఖాస్తు. ఇక్కడి చర్చ మెయిల్‌లో పంపమన్న ప్రకటనల గురించి. అలాంటి చోట అనుభవం లేనివారు అనుభవం రాయవలసిన స్థానంలో ఆ ఉద్యోగానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఒక్క విషయాన్ని రాయాలి. అది చదివిన డిగ్రీ కావచ్చు, ఇంటర్న్‌షిప్‌లో చేసిన పని కావచ్చు. "ఫ్రెషర్" అన్న ఒక్క మాటతో సరిపెడితే మీకు లేనిది మాత్రమే తెలుస్తుంది.

మల్లికార్జున్

నేను మెయిల్ సర్వర్ల నిర్వహణలో ఉన్నాను. సుజాత గారు ముందుగా ఒక పరీక్ష చేస్తే బాగుంటుందని నా సూచన. మీరు పంపే మెయిల్‌ను, జతచేసే ఫైళ్లతో సహా, మీదే అయిన మరో చిరునామాకు పంపండి. దాన్ని ముందుగా ఫోన్‌లో తెరవకుండా జాబితాలో ఎలా కనిపిస్తుందో చూడండి. తర్వాత కంప్యూటర్‌లో రెజ్యూమెను బ్రౌజరులో తెరిచి, పైన ట్యాబ్ మీద ఏ పేరు పడుతుందో గమనించండి. అలాగే `Ctrl+F` నొక్కి, మీ రెజ్యూమెలో ఉందని తెలిసిన ఏదో ఒక మాట వెతకండి. దొరకకపోతే ఆ పీడీఎఫ్‌లో ఉన్నది అక్షరాలు కావు, బొమ్మ మాత్రమే అని అర్థం.

మీ పాత మెయిళ్లలో, పంపిన మెయిల్ అందలేదని తెలిపే `Mail Delivery Subsystem` నుంచి వచ్చినవి ఏమైనా ఉన్నాయేమో కూడా వెతకండి. స్పామ్ ఫోల్డరును వదలకండి.

ఇక ట్రాకింగ్ గురించి. అది మెయిల్‌లో కంటికి కనిపించని చిన్న బొమ్మను దాచి, ఆ బొమ్మ లోడ్ అయితే మెయిల్ తెరిచినట్టు లెక్కవేస్తుంది. చాలా సంస్థల్లో బొమ్మలు లోడ్ కాకుండా ఆపేస్తారు, అప్పుడు తెరిచినా తెరవనట్టే చూపిస్తుంది. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో గోప్యతా సదుపాయం వచ్చింది. అది ఎవరూ తెరవకముందే బొమ్మలను తనే లోడ్ చేస్తుంది, అప్పుడు తెరవకపోయినా తెరిచినట్టు చూపిస్తుంది. పైగా ట్రాకింగ్ బొమ్మను గుర్తించిన ఫిల్టరు మీ మెయిల్‌ను ప్రచార మెయిల్‌గా అనుమానించే అవకాశం ఉంది. దరఖాస్తుకు ట్రాకింగ్ వద్దనే నా అభిప్రాయం.

సుజాత

మల్లికార్జున్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. చూసినవి చూసినట్టు రాస్తున్నాను.

ఫోన్ జాబితాలో సబ్జెక్టు కింద సన్నని అక్షరాలతో మెయిల్ మొదటి పంక్తి కూడా కనిపిస్తుందని నేను ఇంతవరకు పట్టించుకోలేదు. నా మెయిల్‌కు అక్కడ కనిపించింది "గౌరవనీయులైన అయ్యా/అమ్మా, తమరి దివ్యసముఖమునకు నేను" అన్నంతవరకే. నా గురించి ఒక్క ముక్క కూడా లేదు.

రెండవది నన్ను బాగా బాధపెట్టింది. బ్రౌజరు ట్యాబ్ మీద నా పేరు బదులు నా స్నేహితురాలి పేరు, దాని పక్కన "రెజ్యూమె" అన్న మాట కనిపించాయి. ఆమె ఫైలును తీసుకుని వివరాలు మార్చుకుని వాడుతున్నాను. అంటే 31 చోట్లకూ నా రెజ్యూమె ఆమె పేరుతోనే తెరుచుకుందన్నమాట. పీడీఎఫ్ లోపల మాత్రం ఎక్కడా ఆమె పేరు లేదు. ఇది ఎక్కడి నుంచి వస్తోంది?

మూడవది, రెండు మెయిళ్లు వెనక్కి వచ్చాయి, నేను చూసుకోలేదు. సైజు పరిమితి దాటిందని అందులో ఉంది. నా నాలుగు ఫైళ్లూ కలిపి 14 ఎంబీ.

మల్లికార్జున్

ఆ పేరు ఫైలు వివరాల్లో ఉండే టైటిల్ నుంచి వస్తోంది. పేజీలో ఎన్ని మార్పులు చేసినా అది మారదు. వర్డ్‌లో ఫైలు తెరిచి `File > Info` లోకి వెళ్తే కుడి పక్కన `Title`, `Author` కనిపిస్తాయి. రెండింటిలోనూ మీ పేరు పెట్టి, మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేసి, మరోసారి బ్రౌజరులో తెరిచి చూసుకోండి. ఇతరుల నమూనాను వాడుకున్నవారందరూ ఇది తప్పక చూసుకోవాలి.

సైజు విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. మెయిల్‌లో ఫైలు ప్రయాణించేటప్పుడు అక్షరాల రూపంలోకి మారుతుంది, ఆ మార్పిడిలో దాని బరువు సుమారు మూడో వంతు పెరుగుతుంది. అందుచేత మీ 14 ఎంబీ దారిలో 19 దాకా అయి ఉంటుంది. జీమెయిల్ 25 ఎంబీ వరకు పంపనిస్తుంది కాబట్టి మీ వైపు నుంచి మెయిల్ వెళ్లిపోయినట్టే కనిపించింది. అందుకునే సంస్థ సర్వరులో పరిమితి 10 ఎంబీ ఉంటే అది గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతుంది.

ప్రభాకర్

అయితే ఫైళ్లను డ్రైవ్‌లో పెట్టి లింకు ఇస్తే సరిపోదా? బరువు సమస్యే ఉండదు. ట్రాకింగ్ విషయంలో నేను పొరబడ్డానని ఒప్పుకుంటున్నాను.

వేణు_నియామకాలు

లింకు వద్దండీ. పది లింకులు వస్తే అందులో నాలుగైదింటికి అనుమతి ఇవ్వడం మరచిపోతారు. నేను నొక్కితే అనుమతి అడగమని పేజీ వస్తుంది, నేను అడగను, తర్వాతి దరఖాస్తుకు వెళ్తాను. పైగా ఆ లింకును విభాగాధిపతికి ఫార్వర్డ్ చేస్తే ఆయనకూ అదే పేజీ రావచ్చు. చిత్రకారులు, డిజైనర్లు తమ పనుల నమూనాలకు లింకు ఇవ్వడం వేరు. రెజ్యూమె మాత్రం మెయిల్‌కే అంటిపెట్టుకుని ఉండాలి.

సర్టిఫికెట్లు ప్రకటనలో అడిగితేనే పంపండి. మాకు అవి ఇంటర్వ్యూ తర్వాతే కావాలి. రెండు పేజీల రెజ్యూమెను వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా మారిస్తే కొన్ని వందల కేబీలకు మించదు. ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేసినదైతే బరువు పెరుగుతుంది, అక్షరాలు వెతకడానికీ వీలుండదు.

ఫైలు పేరు కూడా మార్చండి. నేను ఒక ఉదయం ఇరవై రెజ్యూమెలు డౌన్‌లోడ్ చేస్తే, వాటిలో సగం `resume.pdf`, `resume(1).pdf`, `resume(2).pdf` అని వరుసగా పేరుకుపోతాయి. `Resume_final_new.pdf` అన్న పేరు మీకు మాత్రమే అర్థమవుతుంది. `Sujata_Accounts_Assistant.pdf` అని ఉంటే ఎవరి ఫోల్డరులో ఉన్నా అది ఎవరిదో, దేనికో తెలుస్తుంది.

రమాదేవి

నా సంగతి కొంచెం చెప్పనివ్వండి. నేను ఉపాధ్యాయినిని. పిల్లల కోసం నాలుగేళ్లు ఉద్యోగం మానేసి ఇప్పుడు మళ్లీ ప్రయత్నిస్తున్నాను. ఆ నాలుగేళ్ల గురించి మెయిల్‌లో ఒక పేరా నిండా రాస్తున్నాను, ఎందుకంటే రెజ్యూమెలో ఖాళీ చూసి తప్పుగా అనుకుంటారని భయం. ఆ పేరా తీసేయాలా?

వేణు_నియామకాలు

రమాదేవి గారూ, పేరా అంతా అక్కరలేదు, పూర్తిగా దాచనూ అక్కరలేదు. "నాలుగేళ్ల కుటుంబ విరామం తర్వాత తిరిగి బోధనలోకి వస్తున్నాను" అన్న ఒక్క వాక్యం చాలు. అయితే అది మెయిల్‌లో మొదటి వాక్యం కాకూడదు. ముందు ఏ తరగతులకు, ఏ విషయం, ఎన్నేళ్లు బోధించారో చెప్పి, ఆ తర్వాత విరామం ప్రస్తావించండి. ముందే సంజాయిషీ ఇచ్చుకుంటే చదివేవారు మీ బోధన కంటే విరామాన్నే గుర్తుపెట్టుకుంటారు.

సుజాత

మీరందరూ చెప్పినవి పెట్టుకుని, నేను ఇప్పుడు పంపబోయే ఒక ప్రకటనకు కొత్తగా రాశాను. ఆ ప్రకటనలో అకౌంట్స్ అసిస్టెంట్, సంకేత సంఖ్య `AC-14`, సరఫరాదారుల చెల్లింపులు చూసిన అనుభవం ముఖ్యం అని ఉంది.

> సబ్జెక్టు: అకౌంట్స్ అసిస్టెంట్ AC-14: సుజాత, 3 ఏళ్ల అనుభవం, 15 రోజుల్లో చేరగలను
>
> నమస్కారం. మీ సంస్థ ప్రకటించిన అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేసుకుంటున్నాను. నాకు అకౌంట్స్‌లో 3 ఏళ్ల అనుభవం ఉంది. సరఫరాదారుల చెల్లింపులు, బ్యాంక్ రీకన్సిలియేషన్, బిల్లుల నమోదు, జీతాల లెక్కలు, పెట్టీ క్యాష్, స్టాకు లెక్కలు అన్నీ చూశాను. కష్టపడి పనిచేస్తాను. రెజ్యూమె జతచేశాను.

వేణు_నియామకాలు

సబ్జెక్టు చక్కగా ఉంది. చివరి ముక్క ఫోన్‌లో తెగినా నష్టం లేదు, అవసరమైనదంతా ముందే వచ్చింది. 15 రోజుల్లో చేరగలనన్నది మాకు చాలా విలువైన సమాచారం, కాబట్టి మెయిల్‌లో కూడా చెప్పండి.

మెయిల్‌లో రెండు మార్పులు కావాలి. మొదటి వాక్యం సబ్జెక్టునే మళ్లీ చెబుతోంది. జాబితాలో సబ్జెక్టు పక్కన కనిపించేది అదే కాబట్టి, ఆ చోటు వృథా అవుతోంది. అక్కడ ప్రకటన ముఖ్యమని చెప్పిన పనిని మీరు చేస్తున్నారన్న మాట రావాలి. రెండవది, ఆరు పనుల పేర్లు వరుసగా చెబితే ఏదీ మనసులో నిలవదు. వారు అడిగింది సరఫరాదారుల చెల్లింపులు. ఆ ఒక్కదాని గురించి, నెలకు ఎన్ని బిల్లులు, ఎంతమంది సరఫరాదారులు, మీ చేతుల మీదుగా ఏం మెరుగుపడింది అన్నది చెప్పండి. మిగిలినవి రెజ్యూమెలో ఉంటాయి. "కష్టపడి పనిచేస్తాను" అన్నది ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది, అందువల్ల అది ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు.

సుజాత

నేను నెలకు సుమారు 400 బిల్లులు, 70 మంది సరఫరాదారుల ఖాతాలు చూస్తాను. చేరినప్పుడు లెక్క కుదరక ఎటూ తేలని పాత ఖాతాలు 22 ఉండేవి, ఇప్పుడు 3 మిగిలాయి. ఇది చెప్పుకోదగిన విషయమని నాకు ఇంతవరకు తోచలేదు, రెజ్యూమెలో కూడా రాయలేదు. ఇప్పుడు ఇలా మార్చాను.

> నమస్కారం. మూడేళ్లుగా 70 మంది సరఫరాదారుల చెల్లింపులు, నెలకు సుమారు 400 బిల్లులు చూస్తున్నాను. అకౌంట్స్ అసిస్టెంట్ AC-14 ప్రకటనలో ఈ పనే ముఖ్యమని ఉన్నందున దరఖాస్తు చేస్తున్నాను.
>
> నేను చేరేనాటికి లెక్క తేలని ఖాతాలు 22 ఉండగా, సరఫరాదారుల స్టేట్‌మెంట్లతో ఒక్కొక్కటిగా సరిచూసి వాటిని 3కి తగ్గించాను.
>
> రెండు పేజీల రెజ్యూమెను పీడీఎఫ్‌గా జతచేశాను. 15 రోజుల్లో చేరగలను. పని వేళల్లో ఫోన్ తీయడం కష్టం కాబట్టి సాయంత్రం 6 తర్వాత గాని, మెయిల్ ద్వారా గాని సంప్రదించగలరు.
>
> సుజాత
> (ఫోన్ నంబరు)

వేణు_నియామకాలు

ఇది నా దగ్గరకు వస్తే ఏమీ చేర్చకుండా అకౌంట్స్ మేనేజరుకు ఫార్వర్డ్ చేస్తాను. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆ 22, 3 అన్న అంకెలు రెజ్యూమెలోనూ అలాగే ఉండాలి. మెయిల్‌లో ఒకటి, రెజ్యూమెలో మరొకటి ఉంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

పంపేటప్పుడు ముందుగా ఫైలు జతచేయండి, తర్వాత మెయిల్ రాయండి, అందుకునేవారి చిరునామాను అన్నిటికంటే చివర నింపండి. చిరునామా లేనిదే మెయిల్ వెళ్లదు కాబట్టి, రెజ్యూమె లేకుండా పొరపాటున పంపే ప్రమాదం తప్పుతుంది. అన్ని సంస్థల చిరునామాలనూ ఒకే మెయిల్‌లో పెట్టేవారిని నేను ఇప్పటికీ చూస్తున్నాను. ఆ పని ఎన్నడూ చేయకండి.

ప్రభాకర్

ఆశించే జీతం మెయిల్‌లో రాయాలా వద్దా అన్నది ఎవరూ ప్రస్తావించలేదు. నా అనుభవంలో, ప్రకటనలో అడిగినా సరే, ముందే అంకె చెబితే మనమే నష్టపోతాం.

వేణు_నియామకాలు

అడిగినప్పుడు చెప్పకపోతే, సూచన చదవలేదని మేము అనుకునే ప్రమాదం ఉంది. అడగనప్పుడు చెప్పనవసరం లేదు.

మల్లికార్జున్

ఈ విషయంలో నేను ప్రభాకర్ గారి వైపే. మా సంస్థలో అంకె ఇవ్వని దరఖాస్తులనూ పిలుస్తారు. "చర్చించుకోవచ్చు" అని రాస్తే సరిపోయిన సందర్భాలు చూశాను.

వేణు_నియామకాలు

సంస్థను బట్టి మారవచ్చు. మా దగ్గర ఆ గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది, కాబట్టి నేను నా మాటే చెప్పగలను.

సుజాత

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. కొత్త పద్ధతిలో ఏడు దరఖాస్తులే పంపాను, ఎందుకంటే ప్రతి ప్రకటనకూ మొదటి రెండు వాక్యాలు మార్చి రాయడానికి అరగంట పడుతోంది. రెండు చోట్ల నుంచి ఫోన్లు వచ్చాయి. రెండూ సాయంత్రం 6 తర్వాతే వచ్చాయి కాబట్టి మెయిల్ చివరిదాకా చదివారని అర్థమైంది. ఒక చోట ఇంటర్వ్యూ అయింది, ఆ 22 ఖాతాల్లో ఏది కష్టమైందో వివరంగా అడిగారు. మిగిలిన ఐదింటి నుంచి ఏమీ రాలేదు. వాటికి మళ్లీ గుర్తుచేయవచ్చా?

వేణు_నియామకాలు

వారం, పది రోజులు దాటాక ఒక్కసారి గుర్తుచేయవచ్చు. కొత్త మెయిల్ వద్దు, మీరు పంపిన పాత మెయిల్‌కే రిప్లై ఇస్తే రెండూ ఒకే చోట కనిపిస్తాయి. అయితే రిప్లైలో పాత ఫైలు దానంతట అది రాదు, రెజ్యూమెను మళ్లీ జతచేయాలి. "AC-14 ఉద్యోగానికి దరఖాస్తు పంపాను, ఎంపిక ఇంకా సాగుతోందో లేదో తెలియజేయగలరు" అని రెండు వాక్యాలు రాస్తే చాలు. దానికీ జవాబు రాకపోతే మూడోసారి రాయకండి.

రమాదేవి

సుజాత గారు చెప్పింది చదివి నా రెజ్యూమె ట్యాబ్ మీద ఏ పేరుందో ఇప్పుడే చూశాను. నేను గతంలో పనిచేసిన పాఠశాల ప్రశ్నపత్రం పేరు కనిపించింది. ఈ రాత్రికే మారుస్తున్నాను.